రిటైరవుతున్న క్లర్కు వీడ్కోలు సభలో పరిచయ ప్రసంగం: రాయడం, చదవడం అంచెలంచెలుగా

ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంట్ రిటైరవుతున్నారు. "పరిచయం నువ్వు చదువు" అని ఆ పని మీకు అప్పగించారు. చేతిలో పది రోజులున్నాయి. ఈ పది రోజుల్లో ఏం సేకరించాలి, ఏ వరుసలో రాయాలి, ఏది రాయకుండా వదిలేయాలి, మైకు ముందు ఎలా చదవాలి అన్నదే ఈ మార్గదర్శి. ఉదాహరణగా తెలంగాణలోని ఒక మండల తహసీల్దార్ కార్యాలయాన్ని తీసుకున్నాం. పంచాయతీరాజ్ ఆఫీసైనా, జిల్లా పరిషత్ హైస్కూలైనా రిజిస్టర్ల పేర్లు మారతాయంతే, పద్ధతి ఇదే.

## 1. మీ వంతు ఏమిటో ముందు తేల్చుకోండి

వీడ్కోలు సభలో పరిచయం వేరు, అభినందన ప్రసంగం వేరు. మామూలుగా సభ ఈ వరుసలో నడుస్తుంది: వేదిక మీదికి పిలుపులు, పరిచయం, తోటి ఉద్యోగుల మాటలు, అధికారి మాట, శాలువా, జ్ఞాపిక, రిటైరవుతున్నవారి స్పందన, వందన సమర్పణ. అంటే మీ తర్వాత కనీసం నలుగురైదుగురు మాట్లాడతారు. ఆ మనిషి ఎవరో, ఏం పని చేశారో సభకు తెలియజేసి మైకు వాళ్లకు అందించడమే మీ పని. పొగడ్త అంతా మీరే అయిపోజేస్తే తర్వాతివాళ్లకు అవే మాటలు మళ్లీ చెప్పుకోవడం తప్ప ఏమీ మిగలదు.

నిడివి మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. సభలో నిదానంగా చదివితే తెలుగులో నిమిషానికి ఎనభై, తొంభై మాటలు పోతాయి. అంటే కాగితం మీద 250 నుంచి 350 మాటలు. మీ వేగం మీకు తెలియాలంటే ఏదైనా ఒక పేజీని ఫోన్‌లో టైమర్ పెట్టి గట్టిగా చదివి చూడండి.

సభ ఏర్పాటు చేసేవాళ్లను మొదటి రోజే ఈ నాలుగూ అడగండి:

- వేదిక మీద ఎవరెవరు ఉంటారు, వాళ్ల పేర్లు పిలిచేది ఎవరు?
- కుటుంబం నుంచి ఎవరు వస్తున్నారు?
- నా వెంటనే మాట్లాడేది ఎవరు?
- సభ జరిగేది చివరి పనిదినం రోజేనా, వేరే రోజా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపించినా ప్రసంగంలో వాక్యాలను మార్చేస్తుంది. పదవీ విరమణ ఆ నెల చివరి రోజు అపరాహ్నం అమల్లోకి వస్తుంది. ఆ రోజు ఆదివారమైతే సభ ముందే జరిగిపోతుంది. అప్పుడు "ఈ రోజుతో సర్వీసు ముగిసింది" అని చదివితే తప్పు.

## 2. సర్వీస్ రిజిస్టర్ నుంచి ఎంత తీసుకోవాలి

తేదీలకు ఆధారం సర్వీస్ రిజిస్టర్. కానీ అందులో సెలవుల ఖాతా, ఇంక్రిమెంట్లు, శిక్షలు ఏవైనా ఉంటే అవి, కులం, పుట్టుమచ్చలు, కుటుంబ వివరాలు కూడా ఉంటాయి. అవి సభకు సంబంధించినవి కావు, మీకూ కావు. కాబట్టి రిజిస్టర్ తెప్పించుకుని తిరగేయకండి. పేజీలను ఫోన్‌లో ఫొటో అసలే తీయకండి. రిటైరవుతున్నవారికి చెప్పి, ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు చూసేవారితో ఒక కాగితం మీద ఈ మూడే రాయించుకోండి: చేరిన తేదీ, చేరిన పోస్టు; ప్రమోషన్లు, ఏ సంవత్సరం; పనిచేసిన ఆఫీసులు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు.

ఆ కాగితం వచ్చాక మూడు చోట్ల తప్పులు దొర్లుతాయి.

మొదటిది చేరిన తేదీ. నియామక ఉత్తర్వు మీది తేదీ వేరు, నిజంగా జాయినైన తేదీ వేరు. సర్వీసు లెక్కకు వచ్చేది రెండోది.

రెండోది పేర్లు. 1994లో చేరినవారు చేరింది మండల రెవెన్యూ కార్యాలయంలో. ఆ అధికారిని అప్పుడు ఎమ్మార్వో అనేవారు. జిల్లా పేరూ అంతే. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చే వరకు జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల అన్నీ కరీంనగర్ జిల్లాలోనివే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మార్పు 2022 ఏప్రిల్ 4న జరిగింది. "1994లో జగిత్యాల జిల్లాలో చేరారు" అని చదివితే ముందు వరుసలో కూర్చున్న పాత ఉద్యోగులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పటి పేరు చెప్పి, అవసరమైతే ఇప్పటి పేరు జోడించండి.

మూడోది డిప్యుటేషన్లు, ఇన్‌ఛార్జి బాధ్యతలు. అసలు పోస్టు ఒక చోట, చేసిన పని మరో చోట అయి ఉండవచ్చు. ఎస్టాబ్లిష్‌మెంట్ ఇచ్చిన కాగితాన్ని ఆ మనిషికే చూపించి "ఇందులో రానిదేమైనా ఉందా?" అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

సర్వీసు ఎంతో వేళ్ల మీద కాకుండా కాగితం మీద లెక్క కట్టండి. 1994 నవంబర్ 21న చేరి 2025 అక్టోబర్ 31న రిటైరైతే అది ముప్పై ఏళ్ల పదకొండు నెలల పైచిలుకు. "ముప్పై ఒక్క ఏళ్లు" కాదు. సభలో "ముప్పై ఏళ్లకు పైగా" అంటే సరిపోతుంది, అది నిజం కూడా. రోజుల్లోకి, గంటల్లోకి మార్చి వేల అంకెలు చెప్పకండి. సెలవులు, ఆదివారాలు కలిసిపోయిన ఆ అంకెకు అర్థం లేదు.

వయసు విషయంలోనూ జాగ్రత్త. ఇప్పుడు తెలంగాణలో పదవీ విరమణ వయసు 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. పాత ప్రసంగం ఏదైనా ముందు పెట్టుకుని రాస్తే అందులోని 58 మీ కాగితంలోకి వచ్చి కూర్చుంటుంది.

## 3. అసలు సరుకు: ఆయన లేని రోజు ఏ పని ఆగేది?

తేదీలు ఎవరికైనా ఉంటాయి. ప్రసంగానికి ప్రాణం పని. క్లర్కు పని పైకి కనిపించదు. తపాలు తీసుకోవడం, కరెంట్ నంబర్ వేయడం, పర్సనల్ రిజిస్టర్‌లో ఎక్కించడం, నోట్ రాయడం, ఫైలు ముగిశాక రికార్డు రూముకు పంపడం... ఇందులో ఆ మనిషి చేయి ఎక్కడ తెలుస్తుందో మీరు వెతికి పట్టుకోవాలి.

"ఆయన ఎలాంటి మనిషి?" అని అడిగితే "చాలా మంచివారు" అని జవాబొస్తుంది. దానితో ఒక్క వాక్యం కూడా రాయలేరు. ప్రశ్న మార్చి ఇలా అడగండి:

- ఆయన సెలవు పెట్టిన రోజు ఏ పని ఆగేది?
- సంతకం చూడకుండా ఇది ఆయన రాసిన నోట్ అని ఎలా గుర్తుపడతారు?
- మీరు కొత్తగా చేరినప్పుడు ఆయన నేర్పిన మొదటి పని ఏది?
- ఆయన దగ్గర ఎప్పుడూ వినిపించే మాట ఏది?

ఈ ప్రశ్నలను ముగ్గురిని అడిగితే చాలు. ఒకరు ఆఫీస్ సబార్డినేట్ లేదా రికార్డు రూము చూసేవారు. ఏ కట్ట ఎవరు కట్టారో, సాయంత్రం ఎవరు ఆఖరున వెళ్తారో వాళ్లకే తెలుస్తుంది. రెండోవారు ఆ సీటు తర్వాత తీసుకున్నవారు. పాత ఫైళ్లు విప్పి చూసినవారు కాబట్టి, ముందున్న మనిషి పని నాణ్యత వాళ్లకు తెలిసినట్టు అధికారికి కూడా తెలియదు. మూడోవారు బయటి మనిషి: తరచూ ఆఫీసుకు వచ్చే గ్రామ ఉద్యోగో, ఎదురుగా జిరాక్స్ షాపు నడిపేవారో.

ఒకరు చెప్పిన సంగతిని ఇంకొకరి దగ్గర సరిచూసుకోండి. ముప్పై ఏళ్లలో ఒకరి ఘనత మరొకరి ఖాతాలో పడిపోవడం మామూలే. సరిచూడకుండా చదివితే, అసలు ఆ పని చేసినవారు అదే సభలో కూర్చుని ఉండవచ్చు.

## 4. రిటైరవుతున్నవారితో ఇరవై నిమిషాలు

సభకు అయిదారు రోజుల ముందు, మధ్యాహ్నం టీ వేళ కూర్చోండి. ఆఖరి రెండు రోజుల్లో పెన్షన్ కాగితాలు, నో డ్యూస్ సంతకాలు, చార్జి అప్పగింతతో వాళ్లకు తీరిక దొరకదు.

అడగవలసినవి రెండే. మొదటిది: ఈ ముప్పై ఏళ్లలో ఏ పని బాగా చేశానని మీకు అనిపిస్తుంది? దీనికి వచ్చే జవాబు తరచూ ఆఫీసంతా చెప్పుకునేదానికి వేరుగా ఉంటుంది. అలాంటప్పుడు వాళ్లు చెప్పినదానికే ప్రసంగంలో చోటివ్వండి. రెండోది: సభలో ఏ విషయం ఎత్తకూడదు?

రెండో ప్రశ్నను మొహమాటపడి వదిలేయకండి. కారుణ్య నియామకంలో వచ్చిన ఉద్యోగం, జబ్బు, ఇంట్లో జరిగిన మరణం, వదులుకున్న ప్రమోషన్, పిల్లల పెళ్లిళ్లు, ఉద్యోగాలు... వీటిలో ఏది చెప్పినా ముందే అనుమతి ఉండాలి. చెప్పేవారికి ఆప్యాయతలా అనిపించేది వినేవారికి గాయం కావచ్చు. "నాన్నగారు పోతే ఆ ఉద్యోగం వచ్చింది" అన్న వాక్యాన్ని వందమంది ముందు వినాలని ఎవరూ కోరుకోరు.

## 5. రాసే వరుస

సేకరించినదాన్నంతా ఒక కాగితం మీద మూడు భాగాలుగా పెట్టండి: తేదీలు, పనులు, మాటలు. తేదీల్లో మూడు నాలుగు, పనుల్లో రెండు, వాళ్ల నోటి మాట ఒకటి ఉంచుకుని మిగతావి కొట్టేయండి. మనసు ఒప్పదు గానీ, మూడు నిమిషాల్లో అంతకన్నా పట్టదు. కొట్టేసినవి పారేయకండి. తర్వాత మాట్లాడేవారికి పనికొస్తాయి.

తర్వాత ఈ వరుసలో రాయండి:

1. సంబోధన: ఒక్క వాక్యం. వేదిక మీది పేర్లన్నీ చదవడం సభ నడిపేవారి పని.
2. కంటికి కనిపించే ఒక పని. ఆ మనిషి చేయి ఆఫీసులో ఎక్కడ ఉందో చూపాలి.
3. సర్వీసు దారి: నాలుగు వాక్యాలు.
4. మారిన పద్ధతులు, వాటిలో ఆ మనిషి నడిచిన తీరు.
5. ఒక నిజం, కాస్త గరుకైనదే.
6. కుటుంబానికి ఒకటి రెండు వాక్యాలు.
7. మైకు అప్పగింత.

రెండోదాన్ని మొదట రాయండి, ఎందుకంటే మిగతా అంతా దాని మీద నిలుస్తుంది. సంబోధన ఆఖరున రాసుకోవచ్చు.

## 6. ఒక నమూనా: ముందు పాడైనది, తర్వాత బాగైనది

ఊహించిన ఉదాహరణ ఇది. పేరు విజయ అనుకుందాం. మామూలుగా సభల్లో వినిపించే పరిచయం ఇలా ఉంటుంది:

"ఉద్యోగికి పదవీ విరమణ అనివార్యం. విజయ మేడమ్ గారు నిబద్ధతకు మారుపేరు, అంకితభావానికి నిలువుటద్దం. మూడు దశాబ్దాల సుదీర్ఘ ప్రస్థానంలో మచ్చలేని సేవలందించి అందరి మన్ననలు పొందిన అజాతశత్రువు. ఆమె లేని లోటు తీర్చలేనిది. వారి శేష జీవితం ఆయురారోగ్యాలతో సాగాలని కోరుకుంటున్నాను."

ఇందులో పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా చెల్లుతుంది. లోపం అదే. పదవీ విరమణ అనివార్యమని శాలువా కప్పించుకోబోయే మనిషికి చెప్పనక్కర్లేదు. "శేష జీవితం" వింటే అరవై ఒకటి దాటిన ఏ మనిషికైనా గుండె ఝల్లుమంటుంది. "మచ్చలేని" అనగానే సభలో సగం మంది మచ్చల గురించి ఆలోచించడం మొదలుపెడతారు.

ఇప్పుడు అదే మనిషికి, సేకరించిన వివరాలతో:

"తహసీల్దార్ గారికి, వేదిక మీది పెద్దలకు, విజయ మేడమ్ కుటుంబ సభ్యులకు, తోటి ఉద్యోగులకు నమస్కారం.

మన రికార్డు రూములో పహాణీ కట్టలకు తెల్ల చీటీలు కట్టి ఉంటాయి. ఊరి పేరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నాయి, మధ్యలో ఏది లేదు... ఈ మూడూ ఆ చీటీ మీద ఉంటాయి. ఆ చేతిరాత విజయ మేడమ్‌ది. యాభై నాలుగు, యాభై అయిదు నాటి ఖాస్రా పహాణీ నకలు కావాలని ఒక రైతు వస్తే, 'రేపు రండి' అనకుండా ఉందో లేదో అప్పటికప్పుడే చెప్పగలుగుతున్నాం. ఆ చీటీలే కారణం.

మేడమ్ 1994 నవంబర్ 21న మెట్‌పల్లి మండల రెవెన్యూ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరారు. అప్పుడది కరీంనగర్ జిల్లా. 2006లో సీనియర్ అసిస్టెంట్ అయ్యారు. కోరుట్లలో, కలెక్టరేట్‌లో పనిచేసి, 2016 నుంచి మనతో ఉన్నారు.

మేడమ్ చేరినప్పుడు కుల ధ్రువపత్రాలు చేత్తో రాసేవారు. తర్వాత మీసేవ వచ్చింది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన, 2020లో ధరణి, 2025లో భూభారతి. పద్ధతి మారిన ప్రతిసారీ మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: 'సరే, పాత కాగితం ఎక్కడ పెడదాం?'

మేడమ్ దగ్గర ఫైలు తొందరగా కదలదని మనలో కొందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. జతపరచిన కాగితాలకు పేజీ నంబర్లు సరిపోకపోతే నోట్ రాసేవారు కాదు, ఫైలు వెనక్కి వచ్చేది. కోపం వచ్చేది. కానీ కోర్టు రికార్డు అడిగినప్పుడు మళ్లీ తెరిచి చూసుకోకుండా పంపించిన ఫైళ్లు మేడమ్ సీటువే.

2012లో డిప్యూటీ తహసీల్దార్ ప్రమోషన్ వస్తే, ఇంట్లో అత్తగారిని చూసుకోవడం కోసం వదులుకున్నారు. ఈ మాట చెప్పడానికి మేడమ్ అనుమతి తీసుకున్నాను.

జూన్ నెలలో స్కూళ్లు తెరిచే రోజుల్లో ధ్రువపత్రాల పని రాత్రి ఎనిమిది దాకా ఉండేది. గేటు దగ్గర స్కూటర్ మీద కూర్చుని ఎదురుచూసిన సార్ ఈ రోజు లోపల, ముందు వరుసలో ఉన్నారు. సార్, మీకు మా నమస్కారం.

ఈ మధ్యాహ్నం మేడమ్ చార్జి అప్పగించారు. పెండింగ్‌లో ఉన్న కరెంట్లన్నీ వరుసగా రాసి, సంతకం చేసి ఇచ్చారు. ఆ జాబితా అందుకున్న మా తోటి ఉద్యోగి ఇప్పుడు మాట్లాడతారు."

ఇందులో "గొప్ప", "అంకితభావం" లాంటి మాట ఒక్కటీ లేదు. చీటీలు, పేజీ నంబర్లు, పెండింగ్ జాబితా ఆ పని చేశాయి. కుటుంబం గురించి కూడా "వారి సహకారం మరువలేనిది" అనే బదులు స్కూటర్ కనిపించింది. చివర ఆశీస్సులు, శుభాకాంక్షలు లేవు. అవి అధికారి చెబుతారు, వందన సమర్పణ చేసేవారు చెబుతారు. మీరూ చెబితే మూడోసారి అవుతుంది.

ఖాస్రా పహాణీ సంవత్సరాన్ని, తేదీలను నమూనాలో చూసి దించుకోకండి. మీ ఆఫీసులో అలాంటి చీటీలు లేకపోతే ఆ వాక్యం మీకు పనికిరాదు. మీ ఆఫీసులో ఏముందో వెతకాలి: క్యాష్ బుక్ కావచ్చు, ఎన్నికల సామగ్రి జాబితా కావచ్చు, హైస్కూలైతే అడ్మిషన్ రిజిస్టర్, టీసీలు కావచ్చు.

## 7. నిజం చెప్పడం కష్టమైన చోట

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ముప్పై ఏళ్లు ఒకే ఆఫీసుల్లో తిరిగిన మనిషికి కొందరితో పడకపోవడం, కోపం, ఆలస్యం ఏదో ఒకటి ఉంటుంది. సభలో ఉన్నవారందరికీ అది తెలుసు. పూర్తిగా దాచితే మిగతా నిజాలూ అబద్ధంలా వినిపిస్తాయి. అలాగని లోపాల చిట్టా చదవడానికి అది శాఖాపరమైన విచారణ కాదు.

కోపిష్టి అయితే. స్వభావానికి పేరు పెట్టకండి, జరిగేది చెప్పండి. "ముక్కుసూటి మనిషి" అనే మాటను సభలో అందరూ "కోపిష్టి" అనే అర్థం చేసుకుంటారు. బదులుగా "తపాలు తేదీ వేయకుండా ఇస్తే సార్ గొంతు బయట వరండా దాకా వినిపించేది" అనండి. ఆ కోపం దేని మీదో తెలిస్తే మర్యాద పోదు. రాసిన వాక్యానికి ఒకటే పరీక్ష: ఆయన్ను ముందు కూర్చోబెట్టుకుని చదవగలరా, ఆయన నవ్వగలరా? లేదంటే కొట్టేయండి.

పని నెమ్మది అయితే. ఆ నెమ్మదికి ఫలితం ఏమైనా ఉందా చూడండి. నమూనాలో ఉంది, అందుకే చెప్పాం. ఏమీ లేకపోతే ఆ విషయం వదిలి వేరే నిజం ఎంచుకోండి. లేని సద్గుణాన్ని దానికి అంటించకండి.

చార్జ్ మెమో, సస్పెన్షన్, నడుస్తున్న కేసు ఉంటే. ఆ విషయం ఎత్తకూడదు. దాన్ని తుడిచేసే మాటలూ వాడకూడదు. "మచ్చలేని సర్వీసు", "నీతికి నిలువెత్తు రూపం" లాంటివి రాయకండి. విచారణ పెండింగ్‌లో ఉండగా మీరు చదివిన కాగితం సర్టిఫికెట్‌లా కనిపిస్తుంది, వినేవారికి ఎగతాళిలా వినిపిస్తుంది. చేరిన తేదీ, చూసిన సీట్లు, చేసిన రెండు పనులు... ఇవన్నీ కేసుతో సంబంధం లేని నిజాలే. వాటితో మూడు నిమిషాలు నిండుతుంది. ఆ సంగతి ముందే అధికారితో మాట్లాడుకోండి, ఆయన ప్రసంగంలోనూ అదే జాగ్రత్త ఉండాలి కదా.

మీకు పెద్దగా పరిచయం లేకపోతే. ఆర్నెల్ల కిందటే వచ్చారు, అయినా పని మీ మీద పడింది. లేని చనువు నటించకండి. "నేను మేడమ్‌తో పనిచేసింది ఆరు నెలలే. అంతకు ముందు సంగతులు రికార్డు రూములో అడిగి తెలుసుకున్నాను" అని ఒక్క వాక్యం చెప్పండి. ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి వివరాన్నీ సభ నమ్ముతుంది.

మీకూ వారికీ పడకపోతే. నిజాయితీగా చెప్పాలంటే, ఈ పని వేరేవారికి ఇప్పించడం మేలు. తప్పనిసరైతే తేదీలు, పనుల వరకే ఉండండి. నోటి మాట, గరుకు నిజం భాగాలు వదిలేయండి. పడనివారు హాస్యమాడితే అది హాస్యంలా వినిపించదు.

## 8. కాగితం తయారు చేయడం, చదవడం

ఎంత బాగా గుర్తున్నా కాగితం చూసే చదవండి. తేదీలు, పేర్లు మైకు ముందు మారిపోతాయి. పెద్ద అక్షరాల్లో, కాగితానికి ఒకవైపే ప్రింట్ తీయించండి. వరసల మధ్య ఖాళీ ఎక్కువ ఉండాలి. పేజీ చివర వాక్యం తెగకూడదు. పిన్ను కొట్టకుండా విడి కాగితాలకు పేజీ నంబర్ వేసుకుంటే తిప్పేటప్పుడు మైకులో చప్పుడు రాదు.

అంకెలు కాగితం మీద ఎలా ఉన్నా, పైన పెన్సిల్‌తో పలికే తీరు రాసుకోండి: "పంతొమ్మిది వందల తొంభై నాలుగు నవంబర్ ఇరవై ఒకటి". సంక్షిప్త పదాలూ అంతే. "ఎల్.డిస్.", "పి.ఆర్." కుటుంబ సభ్యులకు తెలియవు. "ముగిసిన ఫైలు", "పర్సనల్ రిజిస్టర్" అని విప్పి చెప్పండి.

పిలుపు ఒక్కటే ఉండాలి. రోజూ "మేడమ్" అని పిలిచేవారు సభలో "శ్రీమతి విజయ గారు", "ఆమె", "అక్క", "వారు" అని మారుస్తూ పోతే వినేవాళ్లకు తికమక. మొదటిసారి పూర్తి పేరు, హోదా చెప్పి, ఆ తర్వాత రోజూ పిలిచే పిలుపుకే కట్టుబడండి. మీరు వయసులో చిన్నవారైతే, చనువు ఎంతున్నా వేదిక మీద ఏకవచనం వద్దు.

గట్టిగా మూడుసార్లు చదవండి. మొదటిసారి టైమర్ పెట్టుకుని. రెండోసారి నాలుక ఎక్కడ మడతపడుతుందో గుర్తించి ఆ వాక్యాలు విరగ్గొట్టడానికి. మూడోసారి ఇంట్లోనో ఆఫీసులోనో ఒకరి ముందు, అర్థంకాని మాట ఉంటే చేయి ఎత్తమని చెప్పి.

గొంతు పూడుకుపోయే చోటు ముందే తెలిసిపోతుంది. ఎక్కువగా కుటుంబం గురించి చెప్పేటప్పుడే. ఆ వాక్యం తర్వాత తేదీయో చార్జి అప్పగింతో ఉండేలా రాసుకోండి. పొడి వాక్యం చదవగానే గొంతు సర్దుకుంటుంది. అప్పటికీ మాట రాకపోతే ఆగి, నీళ్లు తాగండి. క్షమాపణ చెప్పాల్సిన పని లేదు.

## 9. సభ రోజున దొర్లే పొరపాట్లు, సవరణలు

సభ ఆలస్యమై "త్వరగా ముగించండి" అంటారు. ఇది దాదాపు ఖాయం. అందుకే కాగితం మీద ఒక నిమిషం పాఠాన్ని ముందే గీత గీసి ఉంచుకోండి: కంటికి కనిపించే పని, చేరిన తేదీ, మైకు అప్పగింత. వేగం పెంచి అంతా చదివేయాలని చూడకండి.

మీరు రాసిన సంగతినే ముందు మాట్లాడినవారు చెప్పేశారు. మళ్లీ మొత్తం చదవకండి. "చీటీల సంగతి ఇప్పుడే విన్నారు" అని ఒక మాట చెప్పి తర్వాతి పేరాకు వెళ్లండి.

తేదీ తప్పు చదివారు. వెంటనే సరిచేసి ముందుకు సాగండి. కింద కూర్చున్నాక గుర్తొస్తే మళ్లీ మైకు తీసుకోవద్దు. రాతప్రతిలో సరిచేస్తే చాలు.

పేరు చదివినప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ఆగేదాకా ఆగండి. చప్పట్ల మీద చదివిన వాక్యం ఎవరికీ వినబడదు.

రావలసిన కుటుంబ సభ్యులు రాలేదు. "ముందు వరుసలో ఉన్నారు" లాంటి వాక్యాలు తప్పైపోతాయి. సభ మొదలవుతుండగా ముందు వరుస ఒకసారి చూసుకుని ఆ వాక్యాన్ని పెన్సిల్‌తో మార్చండి.

బయల్దేరే ముందు సరిచూసుకోవలసినవి:

- చేరిన తేదీ, పోస్టులు, ఆఫీసుల పేర్లు రిటైరవుతున్నవారు చూశారా?
- సొంత విషయాలు దేనికైనా అనుమతి మిగిలిపోయిందా?
- చార్జి అప్పగింత నిజంగా పూర్తయిందా? కాకపోతే ఆ పేరా మారాలి.
- తర్వాత మాట్లాడేవారు వచ్చారా, వాళ్ల పేరు, హోదా సరిగ్గా ఉన్నాయా?
- పేజీలు వరుసలో ఉన్నాయా? ఇంకో ప్రతి జేబులో ఉందా?

సభ అయ్యాక ఆ కాగితాన్ని రిటైరైనవారు అడుగుతారు. కుటుంబానికి చూపించుకోవడానికో, దాచుకోవడానికో. పెన్సిల్ గీతలున్నది ఇవ్వకండి. తప్పులు సరిచేసి, ఒక నిమిషం గుర్తులు తీసేసి, శుభ్రమైన ప్రతి తీయించి, కింద మీ పేరు, హోదా, సభ తేదీ రాసి సంతకం చేసి ఇవ్వండి.